ఏసుమణి బిడ్డకు రెండు తీర్పులు

విడవలూరులో నేను పంతులమ్మగా చేరిన ఏడాదే ఏసుమణి కూడా చేరింది. నాది రెండో తరగతి, ఆమెది ఒకటో తరగతి. మధ్యలో తాటాకు తడిక ఒక్కటే అడ్డం. నేను పిల్లల మీద అరిచే అరుపులు ఆమెకూ, ఆమె పాటలు నాకూ వినపడేవి. "ప్రమీలమ్మక్కా, నీ గొంతు బకింగ్‌హాం కాలవ దాటి సముద్రం దాకా పోతాది" అని నవ్వేది. అవును, నాకు నోరెక్కువ. ఆమెకు నాలో సగం నోరుండి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేదని ఇప్పటికీ అనుకుంటాను.

మేము పొలాలున్న రెడ్డి ఇళ్ళవాళ్ళం. ఆమెది క్రైస్తవ మిషను సంఘం. ఆమె తండ్రి ఆ సంఘంలో గంట కొట్టేవాడు. యాభై ఒకటిలో ఆమెను సంజీవరావుకిచ్చి పెళ్ళి చేశారు. అతను మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో, ఒక రబ్బరు తోట ఆసుపత్రిలో డ్రెస్సరు. గాయాలకు కట్లు కట్టే ఉద్యోగం. తెల్ల ప్యాంటు, చేతికి గడియారం, ఇంగ్లీషు మాటలు. సంఘమంతా ఏసుమణి అదృష్టం గురించి చెప్పుకున్నారు. ఆమె ఓడెక్కి వెళ్ళింది. అందరికీ కట్లు కట్టే మనిషి ఇంట్లో మాత్రం గాయాలు చేసేవాడని రెండేళ్ళ తరువాత తెలిసింది. కడుపుతో పురిటికని ఇంటికొచ్చిన ఏసుమణి మళ్ళీ వెళ్ళనంది. యాభై మూడులో కరుణాకుమారి పుట్టింది.

బిడ్డకు అయిదేళ్ళు వచ్చేదాకా అతను రాలేదు. డబ్బు పంపలేదు, బిడ్డ ఎట్లా ఉందని అడగలేదు. తల్లీకూతుళ్ళు ఆ బడితోనే బతికారు. కరుణ నా తరగతిలో వచ్చి కూర్చుని, నా బల్ల మీద సుద్దముక్కలు దొంగిలించి ముక్కుకు రాసుకునేది. తిట్టడానికి నోరు తెరిస్తే, "పెద్దమ్మా, నీకూ రాసేదా?" అనేది. అట్లాంటి దాన్ని ఎవరు తిడతారు?

యాభై ఎనిమిది చివర్లో సంజీవరావు సెలవు మీద వచ్చాడు. భార్యాబిడ్డల్ని తీసుకుపోతానన్నాడు. ఏసుమణి రానంది. ఆ రోజే నేను చెప్పాను, నెల్లూరు పోయి ఒక వకీలును అడుగుదాం అని. ఆమె నా నోటికి చెయ్యి అడ్డం పెట్టినంత పనిచేసింది.

"అంత మాట అనమాక అక్కా. విశ్వాసి విశ్వాసి మీద కోర్టుకెక్కకూడదు. మా సంఘంలో అది పెద్ద తప్పు. పెద్దలున్నారు గదా, వాళ్ళే తేలుస్తారు."

వాళ్ళ పద్ధతి అది. సంఘంలో ఇద్దరికి గొడవొస్తే, సంఘ పెద్దలు కూర్చోబెట్టి మాట్లాడతారు. తప్పు చేసినవాడు అందరి ముందూ ఒప్పుకోవాలి. రెండోవాళ్ళు క్షమించాలి. ఆ తరువాత ఇద్దరూ కలిసి ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోవాలి. అంతటితో ఆ గొడవ చచ్చినట్టే లెక్క, మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. నేను దాన్ని ఎగతాళి చెయ్యను. మా ఊళ్ళో గట్ల తగాదాలు ముప్పై ఏళ్ళు కోర్టులో నలుగుతుంటే, వాళ్ళవి ఒక ఆదివారంతో ముగిసేవి. మంచి పద్ధతే. దానికి సముద్రం దాటిపోయేవాడు తగులుతాడని మాత్రం దాన్ని పెట్టినవాళ్ళు అనుకొని ఉండరు.

పెద్దల్లో ముఖ్యుడు పరంజ్యోతి గారు. బియ్యం మిల్లులో తూకం చూసే మనిషి, ముక్కుసూటి మనిషి. ఆయన ముందు సంజీవరావు ఏడ్చాడు. "కొట్టింది నిజమే, నన్ను క్షమించండి" అన్నాడు. మలయా ఉద్యోగం మానేసి నెల్లూరులోనే ఆసుపత్రిలో చేరతానని, ఏసుమణి ఒప్పుకోనిదే బిడ్డను ఊరు దాటించనని బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు. కాగితం రాయలేదు. ప్రమాణం చేసినవాడి దగ్గర కాగితం అడగడం అవమానమన్నారు. ఆదివారం ఇద్దరూ ప్రభువు బల్ల తీసుకున్నారు. ఆ రాత్రి నుంచి అతను ఆమె ఇంట్లోనే ఉన్నాడు.

క్రిస్మసు వెళ్ళిన కొద్దిరోజులకు, కరుణకు కొత్త గౌను కొనిపెడతానని నెల్లూరు బస్సెక్కించాడు. అంతకు ముందే ఒకసారి నెల్లూరులో స్టూడియోలో కూర్చోబెట్టి బిడ్డ ఫోటో తీయించాడు. తండ్రి బిడ్డకు ఫోటో తీయిస్తే ఎవరనుమానిస్తారు? పైగా ఏసుమణి సంతోషపడింది. ఆ రోజు సాయంత్రం బస్సులో వాళ్ళు రాలేదు. మరునాడూ రాలేదు. మూడోరోజు పరంజ్యోతి గారి కొడుకు మద్రాసు నుంచి వచ్చి, హార్బరులో మలయా పోయే పెనాంగు ఓడెక్కుతున్న జనంలో సంజీవరావునూ చేతిలో బిడ్డనూ చూశానని చెప్పాడు. అప్పటికి ఓడ నాగపట్నం దాటిపోయి ఉంటుంది.

ఏసుమణి ఏడవలేదు. తడిక పట్టుకుని నిలబడి, "కొత్త గౌను కొన్నాడో లేదో అక్కా" అంది. అది విని నాకు ఏడుపొచ్చింది.

పోలీసు స్టేషనుకు నేనే తీసుకెళ్ళాను. ఇన్‌స్పెక్టరు నిదానంగానే చెప్పాడు.

"ఎత్తకపోయినాడని కేసు రాయాలంటే, బిడ్డ మీద హక్కున్నవాడి దగ్గర్నుంచి ఎత్తకపోయి ఉండాలమ్మా. చట్టం లెక్కలో ఆ హక్కుదారుడు తండ్రే. తన బిడ్డను తానే దొంగిలించినాడని ఎట్టా రాసేది?"

అక్కణ్ణుంచి వకీలు పద్మనాభయ్య గారి దగ్గరికి పోయాము. బక్కపలచని మనిషి. సగం మాటలు కళ్ళద్దాలు తుడుచుకుంటూ చెప్పేవాడు. నేను నా తెలివి చూపించాను. "మొన్న కొత్త చట్టం వచ్చింది గదండీ, అయిదేళ్ళ లోపు బిడ్డ తల్లి దగ్గరే ఉండాలని?" అన్నాను.

"అది మన హిందువులకమ్మా, వాళ్ళకు కాదు. పైగా ఆ బిడ్డకు అయిదు దాటినాయి" అన్నాడాయన. నేను నోరు మూసుకున్నాను. అది అరుదుగా జరిగే పని.

తరువాత ఆయన ఏసుమణి వైపు తిరిగాడు. "సెలవు మీద వచ్చినాడని తెలిసిన రోజే నా దగ్గరికి వచ్చి ఉంటే, బిడ్డ ఈ జిల్లాలో ఉండగానే జిల్లా కోర్టులో గార్డియన్ పిటిషన్ వేసి ఉండేవాణ్ణి. కోర్టు అనుమతి లేకుండా బిడ్డను జిల్లా దాటించకూడదని ఆర్డరు అడిగేవాణ్ణి. ఆ ఆర్డరు కాపీ మద్రాసు పాస్‌పోర్టు ఆఫీసుకూ, హార్బరుకూ పంపేవాళ్ళం. అప్పుడు అతను ఓడెక్కితే కోర్టు ధిక్కారం. ఇప్పుడేముంది? తన పాస్‌పోర్టులో బిడ్డ పేరు, ఫోటో ఎక్కించుకోవడానికి తండ్రి సంతకం ఒక్కటే చాలు. తల్లినెవరూ అడగరు."

"హైకోర్టుకు పోతే?" అన్నాను నేను.

"బిడ్డను హాజరు పరచమని రిట్టు వెయ్యచ్చు. హైదరాబాదు హైకోర్టు ఆర్డరు మలయాలో ఎవరు వింటారు? ఇంకొకటి, తండ్రి దగ్గర బిడ్డ ఉండటం అక్రమ నిర్బంధం కాదంటారు."

ఏసుమణి అప్పటిదాకా నేల చూస్తూ ఉంది. "నన్ను కొట్టినాడండీ. చెయ్యి విరిచినాడు. అది చాలదా?" అంది.

పద్మనాభయ్య గారు మళ్ళీ కళ్ళద్దాలు తీశారు. క్రైస్తవుల విడాకుల చట్టం కింద భర్త నుంచి వేరుగా ఉండే తీర్పు తెచ్చుకోవచ్చట. ఆ దావాలోనే బిడ్డను తల్లికి అప్పగించమని అడగవచ్చట. తండ్రి హక్కును దాటిపోయే దారి అదొక్కటే. అయితే కొట్టినందుకని అడగాలంటే, ఆ తరువాత ఆమె అతన్ని క్షమించి ఇంట్లోకి రానిచ్చింది.

"క్షమించి కాపురం చేస్తే, పాత దెబ్బలు మాఫీ అయినట్టేనని చట్టం అంటుంది అమ్మా. మీ సంఘం ఏం చేసిందో కోర్టు కూడా అదే చేస్తాది."

ఆ మాటకు నేను కుర్చీలోంచి లేచాను. ఎవరి మీద అరవాలో తెలియక మళ్ళీ కూర్చున్నాను. ప్రభువు బల్ల తీసుకోమని కూర్చోబెట్టిన పెద్దలు మంచివాళ్ళే. క్షమించిన ఏసుమణి మంచిదే. అందరి మంచితనమూ కలిసి ఆ దొంగకు రక్షణైంది.

మిగిలిన దారి ఒకటి. భార్యను కారణం లేకుండా రెండేళ్ళు వదిలేసి పోయినాడని దావా. అతను బిడ్డతో ఓడెక్కిన రోజు నుంచి ఆ రెండేళ్ళు నిండాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. రమ్మని పిలిచాను, రాలేదు, వదిలేసింది ఆమే అంటాడు. రాకపోవడానికి సరైన కారణం ఉందని ఆమె చూపించాలి. ఆ చట్టం లెక్కలో ఆడబిడ్డ పదమూడేళ్ళ దాకానే చిన్నపిల్ల, ఆ తరువాత తీర్పు పనిచెయ్యదు.

ఏసుమణి రెండేళ్ళు ఎదురుచూసింది. ఉత్తరాలు రాసేది. ఒక్కదానికీ జవాబు రాలేదు. తరగతిలో కరుణ వయసు పిల్లలు వచ్చి, పై తరగతికి వెళ్ళిపోయేవాళ్ళు. ఒకటో తరగతిలో ఏసుమణి గొంతు ముందులా పాటలు పాడేది కాదు. ఎక్కాలు మాత్రం చెప్పేది.

అరవై ఒకటిలో నెల్లూరు జిల్లా కోర్టులో పిటిషన్ పడింది. నోటీసు రిజిస్టరు పోస్టులో మలయా తోటకు పోయింది. అతను సంతకం చేసి తీసుకున్న రశీదు తిరిగొచ్చింది, మనిషి రాలేదు, వకీలును పెట్టలేదు. అందుకని కేసు ఎదుటివాడు లేకుండానే నడవాలి. అయినా జడ్జి గారు సాక్ష్యం లేకుండా తీర్పివ్వరు. ఆమె మలయాకు పోననడానికి కారణముందని, కొట్టినట్టు అతనే ఒప్పుకున్నాడని చెప్పేవాళ్ళు కావాలి. అది విన్నది సంఘ పెద్దలే.

పరంజ్యోతి గారు రానన్నారు. "సంఘంలో ఒప్పుకున్న పాపాన్ని తీసుకపోయి కోర్టులో చెప్పేది ద్రోహం. ఇంక ఏ విశ్వాసీ మా ముందు నోరు తెరవడు. నన్ను అడగమాక ఏసుమణీ."

ఏసుమణి తలొంచుకుని వచ్చేసింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మిల్లు దగ్గరికి పోయాను. హమాలీలు, లారీ డ్రైవర్లు అందరూ చూస్తుండగా అడిగాను.

"మీ ముందు ప్రమాణం చేసిన మనిషి మీ చెయ్యి పట్టుకోని అబద్ధం చెప్పినాడు. వాడి రహస్యాన్ని కాపాడతారా? ఆయమ్మను కోర్టుకు పోవద్దన్నది మీరే. అవతలివాడు ఓడెక్కిపోయినాడు. ఇప్పుడు మీరు కాస్త నెల్లూరు బస్సెక్కితే ఏం పోతుందండీ?"

ఆయన తూకం రాళ్ళు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టారు. "నువ్వు పో అమ్మా" అన్నారు చివరికి. నేను తిట్టుకుంటూ వచ్చేశాను. విచారణ రోజు కోర్టు వరండాలో ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆయన కూర్చుని ఉన్నారు. బోనెక్కి ఉన్నదున్నట్టు చెప్పారు. ఆ తరువాత సంఘంలో కొందరు ఆయనతో మాట్లాడటం మానేశారు. పెద్దల కుర్చీలోంచి ఆయనే దిగిపోయారు.

అరవై రెండులో తీర్పొచ్చింది. ఏసుమణి భర్త నుంచి వేరుగా ఉండవచ్చు. మైనరు బిడ్డ కరుణాకుమారిని తల్లికి అప్పగించాలి. నేను కోర్టు బయట టీ తాగి బెల్లం మిఠాయి పంచిపెట్టాను. పద్మనాభయ్య గారు తినలేదు.

"గెలిచినాం గదండీ!"

"గెలిచినామమ్మా. ఈ కాగితం ఈ దేశంలోనే పనిచేస్తుంది. డబ్బు డిక్రీలంటే కొన్ని దేశాల్లో నడుస్తాయి, బిడ్డల డిక్రీలు నడవవు. అక్కడి కోర్టులో మళ్ళీ కొత్తగా కేసు వేసుకోవాలి. మన తీర్పును వాళ్ళు చదువుతారు, లోబడరు."

ఆ తరువాత రెండేళ్ళకు పైగా పాస్‌పోర్టుకే పట్టింది. భర్త అనుమతేదని అడిగారు, తీర్పు చూపించాం. తిరిగి రాలేకపోతే దారి ఖర్చు భరిస్తామని ఇక్కడ జామీను అడిగారు, మా ఆయన సంతకం పెట్టాడు. టికెట్టు కొనాలంటే రిజర్వు బ్యాంకు అనుమతి ఫారం కావాలన్నారు. ఏసుమణి తండ్రి మిగిల్చిన అరెకరం అమ్మింది. అంతకంటే పెద్ద అడ్డం అవతల ఉంది. భర్త నుంచి అయిదేళ్ళు విడిగా ఉన్న భార్యను భార్యగా రానివ్వకూడదని అక్కడ చట్టం చేశారు. ఆమెను అక్కడికి రానివ్వాలంటే సంతకం పెట్టాల్సిన మనిషి సంజీవరావే. చివరికి అక్కడి తెలుగు సంఘం పాస్టరు గారు పూచీ పడితే, కేసు కోసమని కొద్ది వారాల పర్మిటు దొరికింది. పరంజ్యోతి గారే ఆయనకు ఉత్తరం రాశారని తరువాత తెలిసింది.

ఇక్కణ్ణుంచి జరిగింది నేను చూడలేదు. వెనక్కొచ్చాక ఏసుమణి చెప్పినదే చెబుతున్నాను.

అరవై అయిదులో ఈపో పట్టణంలో హైకోర్టు. ఒక చీనా వకీలు ఆమె తరఫున నిలబడ్డాడు. మాటలు తెలుగులోకి మార్చేందుకు తోట గుమాస్తా ఒకాయన. సంజీవరావు జుట్టు నెరిసింది. అతని పక్కన, అతనితోనే కాపురముంటున్న ఒక అరవ నర్సు. ఆమెకు పిల్లల్లేరు. ఆమె కోసమే కరుణను తీసుకుపోయాడని అప్పుడర్థమైంది. ఏసుమణి ఆ నర్సును ద్వేషిద్దామని చూసిందట. చేతగాలేదట. కరుణ జడలు అల్లిన తీరు చూసిందట, రిబ్బను చివర్లు కూడా సమానంగా కత్తిరించి ఉన్నాయట.

పన్నెండేళ్ళ పిల్ల, తల్లిని గుర్తుపట్టలేదు. జడ్జి ఆ పిల్లను తన గదిలోకి పిలిచి ఒక్కర్తెతోనే మాట్లాడాడు. బయటికొచ్చాక తీర్పు చెప్పాడు. తండ్రి చేసింది మోసమే, నేను సమర్థించను, నెల్లూరు కోర్టంటే నాకు గౌరవమే అన్నాడు. అయితే ఈ కోర్టు చూడాల్సింది తండ్రి తప్పు కాదు, తల్లి బాధ కాదు, బిడ్డ మేలు అన్నాడు. ఆరేళ్ళుగా బిడ్డ ఇక్కడే పెరిగింది, ఇక్కడే బడి, స్నేహితులు. ఇక్కడి ఇంటి నుంచి పీకి, తెలియని చోటికి పంపితే బిడ్డకే శిక్ష. అందుకని బిడ్డ తండ్రి దగ్గరే ఉండాలి. తల్లి ఈ దేశంలో ఉన్నంతకాలం ప్రతి ఆదివారం మధ్యాహ్నం బిడ్డను చూడవచ్చు.

ఆ ఆరేళ్ళు ఎవరివల్ల గడిచాయి? రెండేళ్ళు చట్టం ఆగమంది. మిగిలినవి సంతకాల కోసం, జామీన్ల కోసం, పర్మిటు కోసం పోయాయి. దొంగ పారిపోయి ఎంత దూరం పోతే అంత హక్కు వచ్చినట్టయింది. జడ్జి చెప్పింది తప్పని నేను అనలేను. అది తప్పు కాకపోవడమే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

తీర్పు తరువాత ఏసుమణికి ఒక్క ఆదివారం మిగిలింది. పర్మిటు గురువారంతో అయిపోతుంది. అప్పీలుకు పోవాలంటే డబ్బూ లేదు, ఉండనిచ్చే కాగితమూ లేదు.

తోట ఆసుపత్రి వెనక ఇల్లు. గేటు దగ్గర కరుణ నిలబడి ఉంది. తెలుగు వస్తుంది, తోటలో మనవాళ్ళు చాలామందే ఉన్నారు. కాకపోతే అరవం కలిసిన తెలుగు. "మీరు" అని పిలిచింది. ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. ఏసుమణి తీసుకుపోయిన చలిమిడి పెట్టింది. పిల్ల తింది, బాగుందంది. బడి గురించి చెప్పింది, లెక్కల్లో ఫస్టట. కాసేపటికి అడిగింది:

"మీరు మాతో ఓడెక్కను అన్నారంట గదా. ఎందుకు నన్ను వద్దన్నారు?"

ఏసుమణి వెనక్కి తిరిగి ఇంటి వైపు చూసింది. కిటికీలో ఆ నర్సు ఉంది. కొట్టాడని చెప్పొచ్చు. మోసం చేశాడని చెప్పొచ్చు. ఈ పిల్ల రేపటి నుంచి కూడా అదే ఇంట్లో పడుకోవాలి, ఆ మనిషి చేతి అన్నమే తినాలి.

"వద్దనలేదమ్మా. నాకు ఓడంటే భయం" అందట.

చీకటి పడుతుండగా నర్సు వచ్చి నిలబడింది. పిల్ల లేచింది. గేటు దాకా వచ్చింది. "జడ్జి అయ్య చెప్పినాడు గదా, ప్రతి ఆదివారం అని. వచ్చే వారం వస్తారు గదా? నా లెక్కల పుస్తకం చూపిస్తాను" అంది.

ఏసుమణికి ఆ పిల్ల ముఖంలో మొదటిసారి ఏదో ఆశ కనబడిందట. ఆ ముఖం చూస్తూ నిజం చెప్పలేకపోయిందట.

"వస్తానమ్మా" అంది.

ఇది నాకు తడిక పక్కన నిలబడి చెప్పింది. పిల్లలు ఇళ్ళకు పోయారు.

"ఆ ఆదివారం నేను ఓడలో ఉండాను అక్కా. మధ్యాహ్నం నుంచీ సాయంత్రం దాకా డెక్కు మీదే నిలబడినాను. అది గేటు దగ్గర నిలబడి ఉంటది గదా."